4.2 రిలీజ్‌కు క్యూఏ సైన్‌ఆఫ్ ఇవ్వడం లేదు

డెలివరీ మేనేజర్ గారికి,

నమస్కారం. శుక్రవారం రాత్రి వెళ్లాల్సిన 4.2 రిలీజ్‌కు నేను సైన్‌ఆఫ్ ఇవ్వడం లేదు. రెండు క్రిటికల్ బగ్స్ ఇంకా ఓపెన్‌లోనే ఉన్నాయి.

మొదటిది పేమెంట్‌ది. యూపీఐ నుంచి జవాబు ఆలస్యమైతే మన యాప్ "పేమెంట్ ఫెయిల్" అని చూపించి మళ్లీ కట్టమంటోంది. కడితే అదే ఆర్డర్‌కు రెండుసార్లు డబ్బు పోతోంది. స్టేజింగ్‌లో నెట్ స్లో చేసి చూసిన ప్రతిసారీ ఇదే జరిగింది. వీడియో, లాగ్స్ టికెట్‌లో పెట్టాను. "అరుదుగా వస్తుందిలే" అని కాల్‌లో అన్నారు. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో అది అరుదు కాదండీ. నెలాఖరున ఖాతాలో మిగిలిన కాస్త డబ్బూ ఇలా ఇరుక్కుంటే, రీఫండ్ వచ్చేదాకా ఆ ఇంట్లో పడే టెన్షన్‌కు మనమే కారణం అవుతాం.

రెండోది, లాగౌట్ చేశాక కూడా పాత యూజర్ అడ్రస్ కనిపించడం.

పైగా ఈసారి డేటాబేస్‌లో పాత కాలమ్స్ తీసేస్తున్నాం, రోల్‌బ్యాక్ తేలిక కాదు.

డెవలపర్లు సోమవారానికి ఫిక్స్ ఇస్తామన్నారు. ఇస్తే మంగళవారం రీటెస్ట్, పేమెంట్ రిగ్రెషన్ ముగించి బుధవారం ఉదయం నా నిర్ణయం చెప్తాను. క్లయింట్‌కు వివరించే కాల్‌కు నేనూ వస్తాను.

ఇట్లు,
క్యూఏ లీడ్, చెక్‌అవుట్ టీమ్