ఆర్డర్ నం. 2025-26/37: మందం తగ్గిన 1 కిలో వాక్యూమ్ పౌచ్‌లు, తగ్గి వచ్చిన 500 గ్రాముల పౌచ్‌లపై ఫిర్యాదు

కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా
15 సెప్టెంబరు 2025
రిజిస్టర్డ్ పోస్టు ద్వారా, ఒక ప్రతి ఈమెయిల్‌లో

సేల్స్ మేనేజర్ గారికి,
ప్యాకింగ్ మెటీరియల్ విభాగం, హైదరాబాద్

అయ్యా,

మా జీడిపప్పు యూనిట్ 14 జులై 2025న ఇచ్చిన ఆర్డర్ నం. 2025-26/37 గురించి ఈ ఉత్తరం. మీరు పంపిన సరుకులో 1 కిలో పౌచ్‌లు 8,000 ఆర్డర్‌లో రాసిన మందం లేవు, వాటిని తిరస్కరిస్తున్నాం. 500 గ్రాముల పౌచ్‌లు 500 తక్కువ వచ్చాయి. ఈ రెండింటికీ మీ నుంచి 19 సెప్టెంబరులోపు రాతపూర్వక జవాబు కావాలి. వివరాలు కింద ఉన్నాయి.

ఆర్డర్‌లో రెండు లైన్లున్నాయి. మొదటిది 200 × 300 మి.మీ. సైజు 1 కిలో ప్రింటెడ్ పౌచ్‌లు 8,000, ఒక్కొక్కటి రూ.5.60. రెండోది 500 గ్రాముల ప్రింటెడ్ పౌచ్‌లు 12,000, ఒక్కొక్కటి రూ.3.40. రెండింటికీ పొరలు ఒకటే: పాలిస్టర్ 12, నైలాన్ 15, పాలీ 63, మొత్తం 90 మైక్రాన్లు, 5 శాతం అటూ ఇటూ. సరుకు విలువ రూ.85,600, ఐజీఎస్టీ 18 శాతం రూ.15,408, మొత్తం రూ.1,01,008. అందులో సగం, రూ.50,504, జులై 16న నెఫ్ట్ ద్వారా చెల్లించాం. ప్రింటింగ్ సిలిండర్ల చార్జీ అదే రోజు విడిగా కట్టాం. సరుకు ఆగస్టు 20 నాటికి కాశీబుగ్గ చేరాలని ఆర్డర్‌లో ఉంది.

సరుకు ఆగస్టు 26న మీ దగ్గర లోడయి 29న ఇక్కడి లారీ ఆఫీసుకు చేరింది. అంటే 9 రోజులు ఆలస్యం. ఆర్డర్‌లో ఆలస్యానికి జరిమానా షరతు లేదు కాబట్టి దానికి డబ్బు అడగడం లేదు. తేదీ మాత్రం రికార్డులో ఉండాలని రాస్తున్నాం.

ముందు లెక్క సంగతి. మీ ఇన్వాయిస్‌లో మొత్తం 20,000 పౌచ్‌లు చూపించారు. కట్టకు 500 చొప్పున 40 కట్టలు రావాలి. లారీ రసీదులో 39 కట్టలే ఉన్నాయి, మాకు దిగినవీ 39. వాటిలో 1 కిలోవి 16, 500 గ్రాములవి 23. కట్టలన్నీ సీలుతోనే వచ్చాయి, దింపినప్పుడు ఫొటోలు తీశాం. రసీదు మీ గోడౌన్ దగ్గరే 39కి రాసింది కనుక లోటు దారిలో జరిగింది కాదు. మీ డిస్పాచ్ రిజిస్టర్ చూస్తే తేలుతుంది.

ఇక అసలు సమస్య 1 కిలో పౌచ్‌ల మందం. ఆగస్టు 30న వేర్వేరు కట్టల నుంచి, కట్టకు 5 చొప్పున నాలుగు కట్టల్లో 20 పౌచ్‌లు తీసి, అంచు కోసి, ఒక్క గోడ మందాన్ని మైక్రోమీటరుతో కొలిచాం. రెండు గోడలూ కలిపి కొలిచి సగం చేస్తే మధ్యలో గాలి చిక్కి అంకె పెరుగుతుంది, అందుకే కోసి కొలిచాం. రీడింగులు 70 నుంచి 76 మైక్రాన్ల మధ్య ఉన్నాయి, సగటు 73. ఆర్డర్ ప్రకారం సడలింపు పోగా కూడా 85.5కి తగ్గకూడదు. 20లో ఒక్కటీ ఆ గీత దాటలేదు.

బరువు కూడా ఇదే చెబుతోంది. ఆర్డర్‌కు ముందు మీరు పంపిన 1 కిలో శాంపిల్ పౌచ్‌లలో 6 మా దగ్గర ఇంకా ఉన్నాయి. వాటి బరువు 70.2 గ్రాములు, ఒక్కొక్కటి 11.7. ఇప్పుడు వచ్చిన వాటిలో 100 పౌచ్‌లు 983 గ్రాములు తూగాయి, ఒక్కొక్కటి 9.83. తేడా పౌచ్‌కు 1.87 గ్రాములు. పౌచ్ రెండు గోడల వైశాల్యం 1,200 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 17 మైక్రాన్ల పాలీ, 0.92 సాంద్రతతో లెక్కిస్తే, 1.88 గ్రాములు వస్తుంది. మైక్రోమీటరు చూపిన లోటూ 17 మైక్రాన్లే. కాబట్టి తగ్గింది లోపలి పాలీ పొర అని మా అంచనా. సీలు అతుక్కునేది ఆ పొరతోనే, పప్పు మొనకు ఆనేదీ ఆ పొరే. 16 కట్టల్లో 13 కట్టల చీటీల మీద పెన్నుతో ‘75’ అని రాసి ఉంది. వేరే ఆర్డర్ రోలు పొరపాటున మా పనికి ఎక్కిందేమో మీ రోలు రికార్డుల్లో చూడండి. చీటీల ఫొటోలు జతచేశాం.

వాడకంలో ఏమైందో కూడా పరీక్షించాం. ఆగస్టు 30న మధ్యాహ్నం 3 గంటలకు మీ 1 కిలో పౌచ్‌లు 50 తీసుకుని, డబ్ల్యూ-320 గుండు పప్పు నింపి, ఛాంబర్ మిషన్‌లో వాక్యూమ్ 25 సెకన్లు, సీలింగ్ 2.5 సెకన్లు పెట్టి ప్యాక్ చేశాం. 48 గంటల తర్వాత, సెప్టెంబరు 1న చూస్తే 11 ప్యాకెట్లు వదులైపోయాయి. వాటిని నీళ్లలో ముంచి నొక్కితే 9 ప్యాకెట్లలో బుడగలు మధ్యభాగం నుంచీ మూలల నుంచీ వచ్చాయి, పప్పు వంపు మొనలు గుచ్చుకున్న చోట్ల. మిగతా 2 సీలు గీత దగ్గర వదిలాయి.

ఆగస్టు 30నే, అదే మిషన్‌లో, అదే సెట్టింగుతో, అదే పప్పుతో మా పాత స్టాకు 90 మైక్రాన్ల సాదా పౌచ్‌లు 20, మీ 500 గ్రాముల పౌచ్‌లు 30 కూడా ప్యాక్ చేశాం. వాటిలో ఒక్కటీ వదలలేదు. సెప్టెంబరు 2న ఫోన్‌లో మీ ప్రతినిధి ‘మీ మిషన్ హీట్ ఎక్కువై ఉంటుంది’ అన్నారు. హీట్ ఎక్కువైతే సీలు గీత దగ్గర కాలాలి. 11లో 9 ప్యాకెట్లకు చిల్లులు పడింది సీలుకు దూరంగా. పైగా మిగతా రెండు రకాల పౌచ్‌లూ అదే హీట్ మీద నిలిచాయి.

మీ 500 గ్రాముల పౌచ్‌లు కొలతకు 88 నుంచి 92 మైక్రాన్లు వచ్చాయి. రెండు సైజుల్లోనూ ప్రింటు, రంగులు మేం ఒప్పుకున్న ప్రూఫ్ ప్రకారమే ఉన్నాయి. 500 గ్రాములవి అందినంత వరకు తీసుకుంటున్నాం.

100 ప్యాకెట్లలో 22 వదిలే పౌచ్‌లో పప్పు పెట్టి పంపలేం. 5 శాతం లోపు తేమకు ఆరబెట్టిన పప్పు, గాలి దూరితే మా తీరప్రాంతపు తేమకు మెత్తబడుతుంది, నూనె ముక్కిపోయి వాసన పడుతుంది. ప్యాకెట్ కొన్నవాళ్ల ఇంట్లో అది తెరిచేది మరో రెండు నెలలకు. 8,000 పౌచ్‌లంటే 8 టన్నుల పప్పు. అది మా పేరుతో వెళ్లే సరుకు, పలాస పప్పు అని నమ్మి కొనే సరుకు.

మీ ఇన్వాయిస్ వెనక, సరుకు అందిన 7 రోజుల్లో ఫిర్యాదు చేయాలని షరతు ఉంది. మేం మూడో రోజున, సెప్టెంబరు 1 సాయంత్రం, ఫొటోలతో వాట్సాప్‌లో తెలిపాం. 4న కొలతల పట్టికతో ఈమెయిల్ పంపాం, జవాబు రాలేదు. 8న ఫోన్ చేస్తే 12వ తేదీలోపు మనిషిని పంపుతామన్నారు. 12 దాటింది, ఎవరూ రాలేదు, కబురూ లేదు. ఈలోగా సెప్టెంబరు 3న పంపాల్సిన సరుకు కోసం విశాఖపట్నంలో 1,500 సాదా పౌచ్‌లు ఒక్కొక్కటి రూ.7.10కి కొన్నాం. మీ రేటు మీద తేడా రూ.1.50 చొప్పున రూ.2,250.

సరుకు శాంపిల్‌కు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 17 చెబుతోంది. తిరస్కరించిన సరుకును కొన్నవాళ్లు తిరిగి మోసి అప్పగించక్కర్లేదని, తిరస్కరణ తెలిపితే చాలని సెక్షన్ 43 చెబుతోంది. 1 కిలో పౌచ్‌ల తిరస్కరణను ఈ ఉత్తరంతో స్పష్టంగా తెలియజేస్తున్నాం. పరీక్షకు వాడిన 50, కోసిన 20, ఈ కవరులో పంపుతున్న 4 పోగా మిగతా 7,926 పౌచ్‌లు విడిగా, పొడిగా, మీ పేరు చీటీతో భద్రపరిచాం. మీ మనిషి ఏ పనిరోజు వచ్చినా ఎదురుగా కొలిచి చూపిస్తాం.

మేం కోరేది ఇది. ఆర్డర్ ప్రకారం 90 మైక్రాన్ల 1 కిలో పౌచ్‌లు 8,000, వాటితో పాటు లోటు పడిన 500 గ్రాముల పౌచ్‌లు 500, సెప్టెంబరు 27 నాటికి కాశీబుగ్గలో మీ ఖర్చుతో అందాలి. పోయినసారి లారీ 3 రోజులు తీసుకుంది కనుక 24న లోడ్ కావాలి. సిలిండర్లు సిద్ధంగానే ఉన్నాయి. అక్టోబరు 2 దసరా, 20 దీపావళి. దీపావళి సరుకు మేం అక్టోబరు 4 నుంచి లోడ్ చేయాలి. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్లకు పండగ నెల పని కూడా ఈ పౌచ్‌ల మీదే ఉంది, అందుకే ఈ తేదీని సడలించలేం. పంపేముందు ఏ రోలు నుంచి చేశారో ఆ నంబరు, మందం టెస్ట్ రిపోర్టు ఈమెయిల్ చేయండి. కొత్త సరుకు కొలతకు నిలిచిన 3 పనిరోజుల్లో మిగిలిన రూ.50,504లో మాకైన రూ.2,250 తీసి రూ.48,254 చెల్లిస్తాం.

ఆ తేదీకి కుదరదంటే 19వ తేదీ జవాబులోనే చెప్పండి, మేం వేరే చోట చేయించుకుంటాం. అప్పుడు లెక్క ఇలా ఉంటుంది. మేం ఉంచుకున్న 500 గ్రాముల పౌచ్‌లు 11,500, పన్నుతో కలిపి విలువ రూ.46,138. మీకు ఇప్పటికే చేరింది రూ.50,504. ఎక్కువగా ఉన్న రూ.4,366, పైన చెప్పిన రూ.2,250, మొత్తం రూ.6,616 సెప్టెంబరు 30లోపు మా ఖాతాకు రావాలి. 1 కిలో పౌచ్‌లకు రూ.52,864, లోటుకు రూ.2,006, కలిపి రూ.54,870కి సీజీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద క్రెడిట్ నోట్ ఇవ్వాలి. అది మీ జీఎస్టీఆర్-1లో కనిపించగానే మా వైపు ఇన్‌పుట్ క్రెడిట్ తగ్గించుకుంటాం. డబ్బు కట్టిన సిలిండర్లను కూడా అప్పగించాలి.

ఏ దారైనా ఒక షరతు మారదు. తిరస్కరించిన పౌచ్‌ల మీద మా పేరు, మా ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు అచ్చయి ఉన్నాయి. అవి మరొకరి చేతికి వెళ్లకూడదు. మీరు తీసుకెళ్లాక ముక్కలు చేసి, చేసిన తేదీ, సంఖ్య రాసి ఇవ్వాలి. లేదా మీ మనిషి ఎదుటే ఇక్కడ ముక్కలు చేయిస్తాం.

ఈ విషయం మీద ఇకనుంచి ఫోన్‌లో మాట్లాడినది ఏదైనా అదే రోజు ఈమెయిల్‌లో రెండు మాటలు రాసి పంపండి, మేమూ అలాగే చేస్తాం.

జతచేసినవి: ఆర్డర్ ప్రతి, ఇన్వాయిస్, 39 కట్టల లారీ రసీదు, నెఫ్ట్ రసీదు, 20 పౌచ్‌ల కొలతల పట్టిక, 100 ప్యాకెట్ల పరీక్ష ఫలితాలు, చీటీలు, చిల్లుల ఫొటోలు, సెప్టెంబరు 1 వాట్సాప్, 4 ఈమెయిల్ ప్రతులు, విశాఖపట్నం కొనుగోలు బిల్లు. మీ 1 కిలో పౌచ్‌లు 4 ఈ కవరులోనే ఉన్నాయి, మీ ల్యాబ్‌లో కొలిచి చూసుకోండి.

ఇట్లు,
యజమాని
జీడిపప్పు తయారీ యూనిట్, కాశీబుగ్గ