పొగాకు పెట్టె మీద బొమ్మ, పెట్టె రంగు, ధర: పదో తరగతి వ్యాస ప్రణాళిక

మే 31, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం వ్యాసరచన పోటీకి. సమయం గంట, నిడివి నాలుగు పేజీలు.

ప్రధాన వాదన (పరిచయం పేరాలో చివరి వాక్యంగా రావాలి)

హెచ్చరిక బొమ్మలు, సాదా పెట్టె, పన్ను, ఈ మూడూ పొగాకు వాడకాన్ని తగ్గిస్తాయి. మన దగ్గర మాత్రం విడి సిగరెట్టు, చౌక బీడీ వీటిని తప్పించుకుంటున్నాయి. ఆ దారులు మూయాలి.

పరిచయం

2016-17 జాతీయ సర్వే లెక్కతో మొదలు: పెద్దవాళ్లలో 28.6 శాతం, అంటే దాదాపు 26.7 కోట్ల మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. 2009-10లో ఇది 34.6 శాతం. తగ్గుదల నిజమే. కానీ దాన్నంతా పెద్ద బొమ్మల ఖాతాలో వేయకూడదు. పెట్టెకు రెండు వైపులా 85 శాతం హెచ్చరిక 2016 ఏప్రిల్ 1న వచ్చింది, సర్వే ఆ వెంటనే జరిగింది.

బొమ్మ ఎలా పనిచేస్తుంది

రోజుకు పది సిగరెట్లు కాల్చేవాడు ఏడాదికి 3,650 సార్లు పెట్టె తీస్తాడు. ఏ గోడ పోస్టరూ అన్నిసార్లు కంటపడదు. చదువు రానివాళ్లకూ బొమ్మ అర్థమవుతుంది. మన దేశంలో ఇది చాలా ముఖ్యం, ఒక పూర్తి వాక్యం కేటాయించాలి.

ఆధారం: అదే సర్వేలో హెచ్చరిక చూసి మానేయాలని అనుకున్నవాళ్లు సిగరెట్టు తాగేవాళ్లలో 61.9 శాతం, బీడీ తాగేవాళ్లలో 53.8 శాతం, నమిలే పొగాకు వాడేవాళ్లలో 46.2 శాతం. ఇది "అనుకున్నారు" అనే లెక్క, "మానేశారు" అని రాస్తే తప్పు.

పరిమితి: ఒకే బొమ్మ నెలల తరబడి చూస్తే కళ్లు అలవాటు పడతాయి. అందుకే ఏడాదికోసారి బొమ్మ మారుస్తారు.

సాదా పెట్టె

ఆస్ట్రేలియా ఒక్కటే ఉదాహరణగా చాలు. 2012 డిసెంబరు 1 నుంచి అన్ని కంపెనీల పెట్టెలకూ ఒకే మురికి గోధుమ రంగు. కంపెనీ పేరు ఒకే తరహా చిన్న అక్షరాల్లో, లోగో లేదు. ముందువైపు 75 శాతం, వెనుక 90 శాతం హెచ్చరిక. ప్రకటనలు నిషేధించాక కంపెనీకి మిగిలిన ఏకైక ప్రకటన పెట్టెయే. మెరుపు పోతే కుర్రకారుకు దాని మీద మోజు తగ్గుతుంది, బొమ్మ స్పష్టంగా కనబడుతుంది, లేత రంగు పెట్టె "తక్కువ హాని" అనే భ్రమ కలిగించదు.

ఫలితం: 2016 ప్రభుత్వ సమీక్ష ప్రకారం మూడేళ్లలో పొగతాగేవాళ్ల శాతంలో తగ్గిన సుమారు 2.2 శాతం పాయింట్లలో 0.55 ఈ మార్పు వల్ల వచ్చింది. చిన్న అంకెలా కనిపించినా దేశం మొత్తానికి లెక్కిస్తే లక్షకు పైగా మనుషులు.

పన్ను (అన్నిటికన్నా పొడవైన పేరా)

మూడింటిలో బలమైనది ఇదే. మన లాంటి దేశాల్లో ధర 10 శాతం పెరిగితే వాడకం దాదాపు 5 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చేతిలో డబ్బు తక్కువున్న విద్యార్థులు, పేదల మీద ప్రభావం ఇంకా ఎక్కువ.

ఊహించిన లెక్క: సిగరెట్టు ధర 10 రూపాయలు, అందులో పన్ను 5. వెయ్యి అమ్మితే ప్రభుత్వానికి 5,000. పన్ను ఒక రూపాయి పెంచితే ధర 11, అమ్మకం 950, పన్ను 6 చొప్పున 5,700. వాడకం తగ్గింది, ఆదాయం పెరిగింది. ఈ లెక్క నల్లబల్ల మీద చూపినట్టు అంచెలంచెలుగా రాయాలి.

ఎక్కడ దెబ్బతింటుంది: ధరలతో పాటు ఆదాయాలూ పెరుగుతుంటే ఒక్కసారి వేసిన పన్ను కొన్నేళ్లకు తేలికైపోతుంది, క్రమంగా పెంచుతూ ఉండాలి. సిగరెట్టు ఒక్కటే ప్రియమైతే తాగేవాడు బీడీకి మారతాడు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. ఇది వెనకడుగు అని నిర్మొహమాటంగా రాయాలి, బీడీ పొగ సిగరెట్టు పొగకు తీసిపోని విషం.

మన లొసుగులు

పాన్ డబ్బాలో ఒక్క సిగరెట్టు కొన్నవాడికి బొమ్మ కనబడదు, పెట్టె ధరా తగలదు. కెనడా 2023లో ఒక్కో సిగరెట్టు మీదే హెచ్చరిక ముద్రించాలని నిబంధన తెచ్చింది. శ్రీకాకుళం వైపు మహిళలు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగగా తాగే చుట్ట కూడా విడిగానే అమ్ముడవుతుంది, అంగిలి క్యాన్సర్‌కు అది దారి.

అభ్యంతరం, జవాబు

"ప్రకాశం రైతుల గతేమిటి?" న్యాయమైన ప్రశ్న. వాడకం ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది, ఒక్క సీజన్లో పంట ఆగిపోదు. ఆ వ్యవధిలో పొగాకు పన్నులో కొంత ప్రత్యామ్నాయ పంటలకు ఇవ్వాలి. "దొంగ సరుకు పెరుగుతుంది" అన్నదానికి: ఆస్ట్రేలియాలో ఇప్పుడు ఆ సమస్య నిజంగానే ఉంది. పన్నుతో పాటు నిఘా కూడా కావాలి.

ముగింపు (మూడు డిమాండ్లు, ఇంతకుమించి వద్దు)

విడి అమ్మకం నిషేధం. బీడీకీ సిగరెట్టుకూ తేడా లేకుండా పన్ను, ఏటా పెంపు. మానాలనుకునేవాళ్లకు పెట్టె మీద ముద్రించే ఉచిత సహాయ నంబరు 1800-11-2356కు ఆ పన్ను నుంచే నిధులు.