స్విచ్‌ల్లో నిప్పురవ్వలు, కరెంట్ షాక్‌లు: వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పంపగలరు

ఓనర్ గారికి నమస్కారం.

మేడమీద పోర్షన్‌లో కరెంటు వ్యవహారం ప్రమాదకరంగా ఉందండి. వంటింట్లో స్విచ్ వేస్తే చిటపటమంటూ నిప్పురవ్వలు వస్తున్నాయి. బోర్డు అంచు నల్లబడింది, ప్లాస్టిక్ కాలిన వాసన కూడా. గీజర్ ఆన్‌లో ఉండగా కుళాయి ముట్టుకుంటే షాక్ కొడుతోంది. అమ్మకీ నాకూ చాలాసార్లు తగిలింది, నిన్న పాపకి కూడా. ఎర్తింగ్ సరిగ్గా లేదని నా అనుమానం.

ప్రస్తుతం ఆ రెండింటి ఎంసీబీలూ దించేశాం. టేపు చుట్టి సరిపెట్టే పని కాదిది. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని ఈ శుక్రవారంలోగా పంపండి. వైరింగ్, ఎర్తింగ్ చూపించి, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ కూడా పెట్టించాలి. సాయంత్రం 5 తర్వాత ఇంట్లోనే ఉంటాం. ఫొటోలు, వీడియో పంపుతున్నాను. ఎప్పుడు వస్తారో ఈరోజే చెప్పగలరు.

ఇట్లు,
మీ మేడమీద పోర్షన్ వాళ్ళం