పడిన చెట్ల లెక్క
(నవల)

2018 అక్టోబరు 11. తిత్లీ తుపాను తీరం దాటిన తెల్లవారి, ఉద్దానంలో నిలబడి ఉన్న కొబ్బరి చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. జీడిమామిడి తోటలు నేలమట్టం. వజ్రపుకొత్తూరు మండలంలోని ఓ ఊళ్లో, రాములు తోట గట్టు మీది పెద్ద పనసచెట్టు కూడా వేళ్లతో సహా పెకిలి పడింది.

ఆ గోతిలో దొరికింది ఒక బుడితి ఇత్తడి బిందె. మూతికి లక్క పోసి ఉంది.

లోపల ఒక పసిపిల్ల చేతి మురుగు. 1969 నాటి భూమి కాగితం. కాగితం మీద ఉన్న పేరు రాములు తండ్రిది కాదు, తాతది కాదు. నీలవేణి అని ఉంది.

ఆ పేరు ఊళ్లో ఎవరికీ తెలియదట. తెలిసిన ఒక్క మనిషీ రాములు కూతురు హేమను దగ్గరకు పిలిచి ఇంతే చెప్పింది: "ఆ పేరు ఇంట్లో ఎత్తకే గుంటా. ఆ సెట్టు ఏల పడిపోనాదో గాని, నాను పోయినదాకా నిలబడితే బాగున్ను."

హేమ పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. తండ్రికి కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు సోంపేటలో డయాలసిస్. బస్సు చార్జీలకే అప్పు చేస్తున్న ఇల్లు అది. పడిన చెట్లు లెక్కపెట్టడానికి అధికారులు ఊళ్లోకి వచ్చారు. చెట్టుకింతని పరిహారం వస్తుంది, భూమి ఎవరి పేరున ఉంటే వారికి. ఆదివారం సాయంత్రానికి జాబితా మూసేస్తారు.

కాగితం దాచేస్తే నాన్న వైద్యానికి డబ్బు. బయటపెడితే తోటే తమది కాకపోవచ్చు. నీలవేణి ఎవరో, 1969లో తోటల్లో రాత్రుళ్లు పోలీసులు తిరిగిన ఆ రోజుల్లో ఆమెకు ఏమైందో తెలుసుకోవడానికి హేమకు ఉన్నది నాలుగు రోజులు. తవ్వేకొద్దీ ఆ కథ భూమి దగ్గర ఆగదు, నాన్న పుట్టుక దాకా వస్తుంది.

తుపాను వార్తల్లో మన జిల్లా అంకెగా మిగిలిపోతుంది: ఇన్ని ఎకరాలు, ఇన్ని చెట్లు. ఒక్కో చెట్టు కింద ఎవరు కూర్చున్నారో, ఎవరు ఏడ్చారో ఆ అంకెల్లో ఉండదు. అది రాయాలనే ఈ నవల మొదలుపెట్టాను. సంభాషణలు ఉద్దానం మాటలోనే ఉంచాను, మా అమ్మలూ అప్పలూ మాట్లాడుకునేట్టుగా. చదివినవారు చివరి అధ్యాయం సంగతి మరొకరికి చెప్పవద్దని నా మనవి.

రచయిత్రి మందస ప్రాంతంలో పుట్టి పెరిగారు. శ్రీకాకుళంలో తెలుగు టీచరు. ఇది తొలి నవల, సొంత ప్రచురణ.

232 పేజీలు. వెల: 180 రూపాయలు