పోయిన కాస్ట్ షీట్‌ను కింది నుంచి పైకి కట్టడం

ఒక తయారీ యూనిట్‌లో ఏడాది కాస్ట్ షీట్ పోయింది. మిగిలిన కాగితాల్లో దొరికినవి ఇవి: అమ్మకాలు 9,00,000. లాభం అమ్మకాలపై 20 శాతం. అమ్మకం, పంపిణీ ఖర్చులు అమ్మకాల్లో 5 శాతం. ఉత్పత్తికి సంబంధించిన ఆఫీసు ఓవర్‌హెడ్ వర్క్స్ కాస్ట్‌లో 12 శాతం. ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ ప్రైమ్ కాస్ట్‌లో 25 శాతం. ప్రైమ్ కాస్ట్‌లో కూలి 35 శాతం, ప్రత్యక్ష ఖర్చులు 5 శాతం. స్టాకులు ఓపెనింగ్, క్లోజింగ్ వరసగా: ముడిసరుకు 32,000, 40,000, సగం తయారైన సరుకు 40,000, 15,000, తయారైన సరుకు 50,000, 75,000. ముడిసరుకు కొనుగోళ్లెంతో తేలాలి.

తెలిసిన పెద్ద అంకె షీట్ అడుగున ఉంది కాబట్టి అక్కణ్నుంచే పైకి ఎక్కాలి. షీట్‌లో కలిపినదాన్ని ఇక్కడ తీసేస్తాం, తీసేసినదాన్ని కలుపుతాం.

లాభం 1,80,000. అమ్మిన సరుకు మొత్తం ఖర్చు 7,20,000. అందులోంచి అమ్మకం ఖర్చులు 45,000 తీస్తే 6,75,000. దీనికి తయారైన సరుకు క్లోజింగ్ 75,000 కలిపి, ఓపెనింగ్ 50,000 తీస్తే ఉత్పత్తి వ్యయం 7,00,000. ఎక్కువమంది తడబడేది ఈ స్టాకు గుర్తుల దగ్గరే.

ఇక 12 శాతం. 7,00,000లో 12 శాతమంటే 84,000 అని తీసేశారంటే అక్కడితో షీట్ దారి తప్పినట్టే. ఆ 12 వర్క్స్ కాస్ట్ మీద లెక్క, ఉత్పత్తి వ్యయం మీద కాదు. వర్క్స్ కాస్ట్ 100 అనుకుంటే ఉత్పత్తి వ్యయం 112. కాబట్టి 7,00,000 ÷ 1.12 = 6,25,000. ఓవర్‌హెడ్ 75,000. శాతం ఏ అంకె మీద చెప్పారో ఆ అంకెను 100గా పెట్టుకోవడమే ఈ లెక్కకు ప్రాణం.

సగం తయారైన సరుకును వర్క్స్ కాస్ట్ దగ్గర విలువ కట్టారు. అందుకే సవరణ ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్‌కు ఈవల: 6,25,000 + 15,000 − 40,000 = 6,00,000. దాన్ని ప్రైమ్ కాస్ట్ దగ్గరే విలువ కట్టిన చోట మాత్రం ఓవర్‌హెడ్ విడదీశాకే ఈ సవరణ చేయాలి. ఇప్పుడు 6,00,000 ÷ 1.25 = 4,80,000 ప్రైమ్ కాస్ట్, ఓవర్‌హెడ్ 1,20,000. కూలి 1,68,000, ప్రత్యక్ష ఖర్చులు 24,000, మిగతా 2,88,000 వాడిన ముడిసరుకు. కొనుగోళ్లు 2,88,000 + 40,000 − 32,000 = 2,96,000.

తిరిగి నిలబెట్టిన షీట్:

| వివరం | మొత్తం |
|---|---|
| ముడిసరుకు ఓపెనింగ్ స్టాకు | 32,000 |
| కలుపు: కొనుగోళ్లు | 2,96,000 |
| తీసివేత: క్లోజింగ్ స్టాకు | 40,000 |
| వాడిన ముడిసరుకు | 2,88,000 |
| కూలి | 1,68,000 |
| ప్రత్యక్ష ఖర్చులు | 24,000 |
| ప్రైమ్ కాస్ట్ | 4,80,000 |
| ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ | 1,20,000 |
| కలుపు: సగం తయారైన సరుకు ఓపెనింగ్ | 40,000 |
| తీసివేత: సగం తయారైన సరుకు క్లోజింగ్ | 15,000 |
| వర్క్స్ కాస్ట్ | 6,25,000 |
| ఆఫీసు ఓవర్‌హెడ్ | 75,000 |
| ఉత్పత్తి వ్యయం | 7,00,000 |
| కలుపు: తయారైన సరుకు ఓపెనింగ్ | 50,000 |
| తీసివేత: తయారైన సరుకు క్లోజింగ్ | 75,000 |
| అమ్మిన సరుకు ఉత్పత్తి వ్యయం | 6,75,000 |
| అమ్మకం, పంపిణీ ఖర్చులు | 45,000 |
| మొత్తం ఖర్చు | 7,20,000 |
| లాభం | 1,80,000 |
| అమ్మకాలు | 9,00,000 |

పై నుంచి కూడుకుంటూ వస్తే 9,00,000 సరిపోతుంది. కానీ అంతమాత్రాన షీట్ సరైనదని నమ్మకూడదు. కూడిక తప్పును అది పట్టిస్తుంది గానీ, శాతాన్ని పొరపాటు అంకె మీద కట్టిన తప్పును పట్టించదు. లాభాన్ని ఖర్చు మీద 20 శాతంగా తీసుకున్నామనుకోండి: లాభం 1,50,000, ఖర్చు 7,50,000, మొత్తం మళ్లీ 9,00,000. ఆ దారిలో పైకెక్కితే వర్క్స్ కాస్ట్ 6,51,786, కొనుగోళ్లు 3,08,857 దాకా పోతాయి. షీట్ లోపల మాత్రం ఎక్కడా తేడా కనిపించదు.

అందుకని బయటి కాగితంతో పోల్చాలి. సరఫరాదారుల ఖాతాల్లో ఏడాది కొనుగోళ్లు, కూలి రిజిస్టరులో మొత్తం, ఈ రెండూ చాలు. ఖాతాల్లో 2,96,000కు బదులు 3,08,857కు దగ్గరి అంకె కనిపిస్తే ముందు అనుమానించాల్సింది లాభ శాతాన్నే. కొనుగోళ్లు సరిపోయి కూలి ఒక్కటే తేడా వస్తే, ప్రైమ్ కాస్ట్‌ను పంచిన 35, 5 శాతాలను మళ్లీ చూడాలి.

అమ్మకాల అంకె లేక అమ్మిన సరుకు ఉత్పత్తి వ్యయమే దొరికిన సందర్భంలో దిశ మారుతుంది. లాభం 20, అమ్మకం ఖర్చులు 5, రెండూ అమ్మకాల మీదవే కాబట్టి అమ్మిన సరుకు ఉత్పత్తి వ్యయం అమ్మకాల్లో 75 శాతం. 6,75,000 ÷ 0.75 = 9,00,000. 6,75,000 మీద 25 శాతం కలిపితే 8,43,750 మాత్రమే వస్తుంది, 56,250 తగ్గిపోతుంది.