కొత్త బొమ్మ ముందు పెడితే ఏ కాలానిదో పట్టుకోవడానికి శైలుల పోలిక షీట్

ఇది యూరప్ చిత్రకళ పేపర్‌లో ముందెప్పుడూ చూడని బొమ్మ ఇచ్చే ప్రశ్న కోసం. స్లైడ్ తెర మీద మూడు నిమిషాలు ఉంటుంది, ఆ లోపు శైలి, కాలం, కారణాలు రాయాలి. చిత్రకారుడి పేరు తప్పినా ఫర్వాలేదు, కారణాలు బలంగా ఉంటే మార్కులు పడతాయి.

బొమ్మలో ఎవరున్నారో చూసి కాలం చెప్పేయకండి. వీనస్ కనిపిస్తే చాలు రినైసాన్స్ అని రాసేస్తారు, కానీ వీనస్‌ని బొటిచెల్లీ వేశాడు, రూబెన్స్ వేశాడు, బూషే వేశాడు, 1863లో కబనెల్ కూడా వేశాడు. కాలంతో పాటు మారేది వెలుగు, అంచు, కుంచె జాడ, లోతు. ముందు ఈ నాలుగూ చూడండి, విషయం సంగతి ఆఖర్న.

రినైసాన్స్‌కి ముందు (సుమారు 1400 వరకు)

బంగారు నేపథ్యం, ఎదురుగా చూసే ముఖాలు, నేల మీద ఆననట్టుండే పాదాలు. ముఖ్యులు పెద్దగా, మిగతావాళ్లు చిన్నగా ఉంటారు. మనుషులకి బరువు వచ్చి, ఏడుపు ఏడుపులా కనిపించడం మొదలైతే జొట్టో వైపు ఆలోచించండి. పాడువాలో ఆయన కుడ్యచిత్రాలు 1305 ప్రాంతానివి.

రినైసాన్స్ (సుమారు 1400–1520)

గీతలన్నీ ఒక బిందువు దగ్గర కలిసే పర్‌స్పెక్టివ్, త్రిభుజాకారపు కూర్పు, అంతటా సమంగా పరుచుకున్న వెలుగు. ఎవరి ఒళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. బొమ్మ మొత్తం కుదురుగా ఉంటుంది.

ఉత్తరాది రినైసాన్స్ వేరు. వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల బొమ్మలో వెనక గోడ మీది గుండ్రటి అద్దంలో గది మొత్తం కనిపిస్తుంది. కుక్క బొచ్చు, ఇత్తడి దీపం మెరుపు, బట్ట అంచు ఇంత వివరంగా ఉండి, మనుషులు మాత్రం కాస్త బిగుసుకుపోయి ఉంటే అది ఇటలీది కాకుండా ఫ్లాండర్స్‌ది అయ్యే అవకాశం ఎక్కువ.

మానరిజం (సుమారు 1520–1600)

సాగిన మెడలు, మెలితిరిగిన ఒళ్లు, పుల్లటి రంగులు, లోతు ఎంతో అంతుబట్టని చోటు. పార్మిజానీనో పొడుగు మెడ మడోన్నా ఒక్కటి గుర్తుంటే చాలు.

బరోక్ (సుమారు 1600–1720)

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. లియోనార్డో, టింటొరెట్టో ఇద్దరూ వేసిన “చివరి విందు” బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. 1490లలో లియోనార్డో వేసినదాంట్లో బల్ల మనకి సమాంతరంగా ఉంది, క్రీస్తు సరిగ్గా మధ్యలో ఉన్నాడు, గీతలన్నీ ఆయన తల దగ్గరికే వస్తాయి, శిష్యులు ముగ్గురేసి నాలుగు గుంపులు. 1592–94లో టింటొరెట్టో వేసినదాంట్లో బల్ల ఏటవాలుగా లోపలికి దూసుకుపోతుంది, ముందు కనపడేది పనివాళ్లు, క్రీస్తు ఎక్కడో వెనక ఉన్నాడు. ఆయన తల చుట్టూ వెలుగు లేకపోతే వెతుక్కోవాల్సిందే. పైన దీపం పొగ దేవదూతలుగా మారుతోంది. కాలం లెక్కన ఇంకా మానరిజమే గానీ బరోక్ వచ్చేసిందని ఆ బల్లే చెబుతుంది.

బరోక్ ఆనవాళ్లు: ఏటవాలు కూర్పు, జరుగుతున్న పని మధ్యలో ఆగిన క్షణం, ఒకే వైపు నుంచి కొట్టే వెలుగు, చీకట్లో కలిసిపోయిన అంచులు. డచ్ వాళ్లయితే దేవుళ్లు తక్కువ, మామూలు గదులు, పళ్లు, ముఖాలు ఎక్కువ.

రొకోకో (సుమారు 1720–1780)

బరోక్‌లో బరువు తీసేస్తే ఇదే. లేత గులాబీ, లేత నీలం, తోటలు, సరసాలు. కూర్పు అప్పుడూ ఏటవాలుగానే ఉండొచ్చు, అందుకే పొరబడతారు. చీకటి ఉందా లేదా అని చూడండి, లేకపోతే రొకోకో. నమూనా: ఫ్రాగొనార్ “ఉయ్యాల”.

నియోక్లాసిసిజం (సుమారు 1760–1830)

దావీద్ 1784లో వేసిన “హొరాషియస్‌ల ప్రతిజ్ఞ”: వెనక మూడు కమానులు, ముందు మూడు గుంపులు, లోతు లేని రంగస్థలం. కుంచె జాడ దాదాపు లేదు. వెలుగు పక్క నుంచే వస్తుంది కాబట్టి బరోక్ అనిపిస్తుంది, కానీ ఇక్కడ అంచులు చీకట్లో కరగవు, కత్తితో కోసినట్టుంటాయి. రినైసాన్స్‌తోనూ కలిపేస్తారు. అందులో మనుషుల వెనక కొండలో, ఊరో లోతుగా కనిపించడం మామూలు, ఇందులో వెనక గోడ అడ్డొచ్చేస్తుంది.

రొమాంటిసిజం (సుమారు 1790–1850)

తుఫాను, శిథిలాలు, ప్రకృతి ముందు చిన్నబోయిన మనిషి, చూసేవాణ్ణి కుదిపేసే రంగు. జెరికో వేసిన మెడ్యూసా తెప్ప (1818–19) లో ఒళ్లన్నీ ఏటవాలుగా పైకి ఎగబాకుతాయి, ఆ ఆశ అంతా దిగంతం మీద చుక్కంత ఓడ కోసం. టర్నర్‌ని చూసి ఇంప్రెషనిస్టు అనకండి, చాలామంది అంటారు. టర్నర్ బొమ్మలో రంగు ఆవిరిలా కలిసిపోయి సుడి తిరుగుతుంది, మొనే బొమ్మలో పూతలు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి.

రియలిజం (సుమారు 1848–1870)

పొలంలో, రోడ్డు మీద పని చేసేవాళ్లు, మట్టి రంగులు, పొగడ్త లేదు, జాలి కథ లేదు. కూర్బే, మిలే.

ఇంప్రెషనిజం (1870లు–1880లు)

నీడ చూడండి! నల్లగా, గోధుమరంగులో ఉంటే అనుమానించండి, నీలంగా, ఊదాగా ఉంటే దాదాపు ఖాయం. తెంపు తెంపుగా కనిపించే కుంచె, ఆరుబయటి వెలుగు, ఫొటోలోలా అంచు దగ్గర తెగిన మనుషులు. 1841లో ట్యూబు రంగులు రావడంతో ఆరుబయట నూనెరంగులతో వేయడం తేలికైంది. వీళ్ల మొదటి ప్రదర్శన 1874లో.

ఆ తర్వాత (సుమారు 1885–1905)

ఇది ఒక శైలి కాదు, నలుగురు నాలుగు దారులు. చుక్కలైతే సెరా, మెలికలు తిరిగే మందపాటి రంగయితే వాన్ గో, నల్లటి గీతల మధ్య చదునైన రంగయితే గొగాన్, కొండా, ఆపిల్‌పండూ పలకలు పలకలుగా కట్టినట్టుంటే సెజాన్.

20వ శతాబ్దం, గబగబా

ముఖం మీద ఆకుపచ్చ, ఆనందంగా ఉంటే ఫావిజం (1905), భయం పుట్టిస్తే జర్మన్ ఎక్స్‌ప్రెషనిజం. వస్తువు ముక్కలై గోధుమ, బూడిద రంగుల్లో ఉంటే తొలి క్యూబిజం, కాగితాలు అంటిస్తే 1912 తర్వాతది. అచ్చం నిజంలా వేసి అసాధ్యమైనది చూపిస్తే సర్రియలిజం. చిమ్మిన రంగయితే పొలాక్, సూప్ డబ్బాలైతే వార్హోల్, 1962.

ఒక స్లైడు, పూర్తి జవాబు

బొమ్మ: చీకటి గది. ముసలి వడ్రంగి వంగి చెక్కలోకి బరమా తిప్పుతున్నాడు. ఎదురుగా పిల్లాడు కొవ్వొత్తి పట్టుకుని చెయ్యి అడ్డం పెట్టాడు, వేళ్లలోంచి వెలుగు ఎర్రగా కనిపిస్తోంది.

జవాబు: “బరోక్, 17వ శతాబ్దం మొదటి సగం. వెలుగు ఒక్క కొవ్వొత్తి నుంచే వస్తోంది, నేపథ్యం చీకట్లో కలిసిపోయింది, పని మధ్యలో ఆగిన క్షణం, జోసెఫ్, బాల యేసుల పవిత్ర విషయాన్ని మామూలు మనుషులతో చూపించడం, ఇవన్నీ కారవాజ్జో ప్రభావం. నియోక్లాసిసిజం కాదు, ఎందుకంటే నేపథ్యం తేటగా లేదు, అంచులు నీడలో కరిగాయి. రొమాంటిసిజం కాదు, ఉద్వేగం పైకి పొంగడం లేదు. ఆకారాలు చాలా సాదాగా, కదలిక తక్కువగా ఉన్నాయి కాబట్టి రూబెన్స్ వర్గం కాకుండా ఫ్రాన్స్‌లో కారవాజ్జోని అనుసరించిన జార్జ్ ద లా టూర్ అయి ఉండొచ్చు, 1640ల ప్రాంతం.”

నిజంగానే ఆయనదే, లూవ్ర్‌లో ఉంది. అయితే ఆ పేరు గుర్తురాకపోయినా “కారవాజ్జో ప్రభావం” దాకా రాస్తే మార్కుల్లో చాలావరకు వచ్చేసినట్టే, “ఇది కాదు, ఎందుకంటే” అనే వాక్యాలు మాత్రం ఎప్పుడూ వదలకండి.