లివర్ ఎంజైముల ప్రశ్నలు: దెబ్బ కణానికా, పైత్యరసం దారికా?

ఎంఎల్‌టీ రెండో సంవత్సరం, క్లినికల్ కెమిస్ట్రీ. జవాబులతో ప్రాక్టీసు ప్రశ్నలు

జవాబును కాగితంతో మూసి, ముందు మీరే రాయండి. కేసులు కల్పించినవే, అంకెలు మాత్రం ల్యాబులో రోజూ ఎదురయ్యే తీరువి. ఏఎల్‌టీ అంటే మన రిపోర్టుల్లోని ఎస్‌జీపీటీ, ఏఎస్‌టీ అంటే ఎస్‌జీఓటీ. లెక్కలకు గరిష్ఠ పరిమితులు: ఏఎల్‌టీ 40, ఏఎస్‌టీ 40, ఏఎల్‌పీ 120, జీజీటీ 60 (అన్నీ లీటరుకు యూనిట్లలో), మొత్తం బిలిరుబిన్ 1.2 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో).

```
R = (ALT ÷ ALT ULN) ÷ (ALP ÷ ALP ULN)
```

ఆర్ విలువ 5 లేదా అంతకు మించితే కణానికి దెబ్బ. 2 లేదా అంతకన్నా తక్కువైతే పైత్యరసం ఆగిన తీరు. మధ్యలో ఉంటే మిశ్రమం.

ప్రశ్న 1. హాస్టల్లో ఉండే 20 ఏళ్ల విద్యార్థి. ఐదు రోజులుగా జ్వరం, వాంతులు, ఇప్పుడు కళ్లు పచ్చబడ్డాయి. మొత్తం బిలిరుబిన్ 8.4, డైరెక్ట్ 5.6, ఏఎల్‌టీ 1840, ఏఎస్‌టీ 1320, ఏఎల్‌పీ 190. డైరెక్ట్ బిలిరుబిన్ ఎక్కువగా ఉంది కాబట్టి ఇది అడ్డంకి వల్ల వచ్చిన కామెర్లేనని మీ స్నేహితుడు అంటున్నాడు. మీరేమంటారు?

జవాబు. కాదు. ఏఎల్‌టీ పరిమితికి 46 రెట్లు, ఏఎల్‌పీ 1.6 రెట్లు కూడా లేదు. ఆర్ దాదాపు 29. ఇది కణానికి తగిలిన దెబ్బ. ఈ వయసులో, ఈ లక్షణాలతో హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ వైరస్‌లను ముందు పరీక్షించాలి. స్నేహితుడు చేసిన పొరపాటు పరీక్షల్లో చాలామంది చేసేదే. లివర్ కణం దెబ్బతిన్నా బిలిరుబిన్‌ను గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపే పని కొంతవరకు సాగుతుంది. కలిపినదాన్ని పైత్యనాళికలోకి నెట్టే పనే ముందు కుంటుపడుతుంది. అందుకే డైరెక్ట్ బిలిరుబిన్ రెండు జబ్బుల్లోనూ పెరుగుతుంది, రెంటినీ వేరు చేయలేదు.

ప్రశ్న 2. 58 ఏళ్ల వ్యక్తి. ఒళ్లంతా దురద, మలం సున్నం రంగు, బరువు తగ్గాడు. మొత్తం బిలిరుబిన్ 14.2, ఏఎల్‌టీ 118, ఏఎల్‌పీ 780, జీజీటీ 640. ఆర్ ఎంత? మూత్రంలో ఏం ఉంటుంది, ఏం ఉండదు?

జవాబు. 2.95ను 6.5తో భాగిస్తే 0.45. పైత్యరసం ఆగింది. మూత్రంలో బిలిరుబిన్ ఉంటుంది. దారి పూర్తిగా మూసుకుపోతే బిలిరుబిన్ పేగులోకి చేరదు, కాబట్టి యూరోబిలినోజెన్ ఉండదు. తర్వాతి అడుగు అల్ట్రాసౌండ్.

ప్రశ్న 3. 42 ఏళ్ల మహిళకు రాత్రి పెళ్లి భోజనం తర్వాత కుడి డొక్కలో తీవ్రమైన నొప్పి. నొప్పి మొదలైన ఆరు గంటలకు తీసిన రక్తంలో ఏఎల్‌టీ 620, ఏఎస్‌టీ 810, ఏఎల్‌పీ 130. మూడో రోజు ఏఎల్‌టీ 180, ఏఎస్‌టీ 70, ఏఎల్‌పీ 310. మొదటి రిపోర్టు తప్పా, రెండోదా?

జవాబు. రెండూ సరైనవే. ఈ సెట్‌లో ఒక్క ప్రశ్నే చదివే టైముంటే ఇది చదవండి.

మొదటి రోజు ఆర్ 14, మూడో రోజు 1.7. పిత్తాశయంలోని రాయి జారి పైత్యవాహికలో ఇరుక్కుంటే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి కణాలు దెబ్బతింటాయి. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ కణంలో సిద్ధంగా ఉన్న ఎంజైములు, పొర దెబ్బతినగానే కారిపోతాయి. ఏఎల్‌పీ అలా కారేది కాదు. పైత్యరసం నిలిచిపోయాక కణం దాన్ని కొత్తగా తయారు చేయాలి. దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

దిగడంలోనూ తేడా ఉంది. రక్తంలో ఏఎస్‌టీ అర్ధాయువు సుమారు 17 గంటలు, ఏఎల్‌టీది సుమారు 47 గంటలు. అందుకే 810 ఉన్న ఏఎస్‌టీ మూడో రోజుకే ఏఎల్‌టీ కన్నా కిందికి వచ్చింది. ఏఎల్‌పీకి రోజులు కావాలి. కాబట్టి నొప్పి మొదలైన టైము రిక్వెస్టు ఫారంలో లేకపోతే వార్డుకు ఫోన్ చేసి అడగండి. ఆ టైము తెలియకుండా ఈ రిపోర్టును చదవలేం.

ప్రశ్న 4. చాలా ఏళ్లుగా మద్యం తాగే వ్యక్తి. ఏఎస్‌టీ 228, ఏఎల్‌టీ 84, ఏఎల్‌పీ 140, జీజీటీ 480. ఆర్ 1.8 వచ్చింది. పైత్యరసం ఆగిందని రాయవచ్చా?

జవాబు. రాయకూడదు. ఆర్ లెక్కలో ఏఎస్‌టీకి చోటే లేదు. మద్యం వల్ల వచ్చే హెపటైటిస్‌లో ఏఎల్‌టీ పెద్దగా పెరగదు. బి6 విటమిన్ రూపమైన పిరిడాక్సల్ ఫాస్ఫేట్ కొరత ఏఎస్‌టీ కన్నా ఏఎల్‌టీని ఎక్కువగా తగ్గిస్తుంది. ఇక్కడ చూడాల్సింది ఏఎస్‌టీ, ఏఎల్‌టీ నిష్పత్తి: 2.7. ఇది 2 దాటి, ఏఎస్‌టీ కొన్ని వందల్లోనే ఉంటే ముందు మద్యాన్నే అనుమానించాలి. జీజీటీని మద్యమే పెంచగలదు కాబట్టి, ఏఎల్‌పీ దాదాపు మామూలుగా ఉన్నప్పుడు ఒక్క జీజీటీని చూసి అడ్డంకి అనకండి.

ప్రశ్న 5. 13 ఏళ్ల అబ్బాయి. ఏఎల్‌పీ 410, జీజీటీ 18, మిగతావన్నీ మామూలే.

జవాబు. ఎదిగే ఎముకల నుంచి వచ్చిన ఏఎల్‌పీ. ఎముకలో జీజీటీ ఉండదు. పిల్లలకు పెద్దల పరిమితి వేసి ఎర్ర గుర్తు పెడితే తల్లిదండ్రులకు ఊరికే టెన్షన్. గర్భం చివరి నెలల్లోనూ మాయ నుంచి ఏఎల్‌పీ ఇలాగే పెరుగుతుంది.

ప్రశ్న 6. దురదతో బాధపడుతున్న కామెర్ల రోగి. నిన్న ఏఎల్‌పీ 520, ఈరోజు 14. ఈరోజు కాల్షియం 3.0, పొటాషియం 11. అడ్డంకి తొలగిపోయిందా?

జవాబు. రోగిలో ఏమీ మారలేదు, శాంపిల్ పాడైంది. పర్పుల్ మూత ట్యూబులోని రక్తాన్ని ప్లెయిన్ ట్యూబులో పోశారు. అందులోని ఈడీటీఏ, ఏఎల్‌పీకి అవసరమైన జింకు, మెగ్నీషియంలను లాగేసుకుంటుంది. కాల్షియం కూడా అలాగే పడిపోతుంది. ఈడీటీఏ పొటాషియం లవణం కాబట్టి పొటాషియం పెరుగుతుంది. రిపోర్టు ఆపి, మళ్లీ రక్తం తీయించాలి. ఇలాంటి శాంపిల్ దాటిపోతే పైత్యరసం ఆగిన రోగి కాగితం మీద కణం దెబ్బతిన్న రోగిగా మారిపోతాడు.

ప్రశ్న 7. పారాసిటమాల్ ఎక్కువ మోతాదులో మింగిన అమ్మాయి. మెషీన్ ఏఎల్‌టీ 62 చూపిస్తూ ఫ్లాగ్ ఇచ్చింది. పదో వంతుకు పలచన చేస్తే 412. రిపోర్టులో ఏం రాస్తారు?

జవాబు. 4120. మనం కొలిచేది 340 నానోమీటర్ల దగ్గర ఎన్ఏడీహెచ్ తగ్గే వేగాన్ని. ఎంజైము మరీ ఎక్కువైతే రీడింగ్ మొదలయ్యేలోపే ఎన్ఏడీహెచ్ అయిపోతుంది, గీత చదునవుతుంది, అంకె తక్కువగా వస్తుంది. ఫ్లాగ్‌ను ఓకే నొక్కి దాటేయడం ఇక్కడ ప్రాణాలతో చెలగాటం.

ప్రశ్న 8. అదే అమ్మాయి, మూడు రోజుల తర్వాత. ఏఎల్‌టీ 4120 నుంచి 600కు తగ్గింది. బిలిరుబిన్ 3 నుంచి 11కు, ఐఎన్ఆర్ 1.8 నుంచి 4.6కు పెరిగాయి. విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చినా ఐఎన్ఆర్ తగ్గలేదు. ఎంజైములు తగ్గాయి కాబట్టి కోలుకుంటోందా?

జవాబు. లేదు. కారడానికి కణాలే మిగలడం లేదు. పైత్యరసం ఆగినప్పుడు ఐఎన్ఆర్ పెరిగితే కారణం పేగు విటమిన్ కెను పీల్చుకోలేకపోవడం, ఇంజెక్షన్‌తో అది సాధారణంగా ఒక రోజులో సర్దుకుంటుంది. ఇక్కడ సర్దుకోలేదంటే గడ్డకట్టే ప్రోటీన్లను తయారు చేసే శక్తి లివర్‌కు పోతోందని అర్థం. రిపోర్టు ప్రింటయ్యేదాకా ఆగకండి. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి మూడు అంకెలూ చదివి, ఆయన చేత తిరిగి చెప్పించుకుని, టైముతో సహా రిజిస్టరులో రాయండి.